ఇరవై ఎనిమిదో రోజు

లింగంపల్లి స్టేషన్ రోడ్డులో నా రీఛార్జ్ కొట్టుకు వచ్చే మగవాళ్లంతా నన్ను అక్కా అనే పిలుస్తారు. నాకంటే పదేళ్లు పెద్దవాడు కూడా సిగ్గు లేకుండా అక్కా అంటాడు. శివశంకర్ ఒక్కడే ఏడాదిగా నన్ను ఏ వరసా పెట్టి పిలవకుండా నెట్టుకొచ్చాడు. "జర చూడుండ్రి" అని మొదలుపెడతాడు, "వస్త" అని ముగిస్తాడు. అతని మీద ఇష్టం అక్కడే మొదలైందంటే నవ్వుతారు గానీ, నిజం అదే. నాకు ముప్పై ఆరేళ్లు. ఒక పెళ్లి అయింది, పోయింది. మళ్లీ ఎవరి కోసమైనా వాకిలి వైపు చూస్తానని నేనే అనుకోలేదు.

అతను కోకాపేటలో పెద్ద పెద్ద టవర్ల లిఫ్టులు బాగుచేస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు, "మా కంపెనీ ఫోన్ పైసలు వాపస్ ఇస్తది. ముద్ర కొట్టి బిల్లు ఇస్తరా?" అని అడిగాడు. జిరాక్స్ పనికిరాదట, అసలు బిల్లే అప్పగించాలట. అందరూ ఎవరి ఫోన్లో వాళ్లు రీఛార్జ్ చేసుకుంటున్న ఈ రోజుల్లో నాలాంటి కొట్టుకు ముద్రే దిక్కు. కొట్టి ఇచ్చాను. అది ఇరవై ఎనిమిది రోజుల ప్యాక్. ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ వచ్చాడు. అలా పదమూడు సార్లు.

క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడో నాకు తెలియదు గానీ అతని గడువు ఎప్పుడు తీరుతుందో తెలుసు. ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుంటాను. అతను కౌంటర్ దగ్గర ఉండేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం మిగతా ఇరవై ఏడు రోజులు ఎట్లాగో గడుస్తాయి. ఒకసారి వానాకాలంలో, గడువు ఇంకా తొమ్మిది రోజులుండగానే వచ్చేశాడు. ఇప్పుడు వేసినా కొత్తది పాతది అయిపోయాకే మొదలవుతుందని, అంత తొందరేమిటని కసిరాను. తల ఊపి వేయించుకుని పోయాడు. వచ్చిన మనిషిని కసరడం నాకు అలవాటు.

మొన్న ఆదివారం ఒక ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వచ్చాడు. అందులో నేనిచ్చిన బిల్లులే.

"కంపెనీ ఇగ పైసలు ఇస్తలేదు. రేట్లు గూడ పెరిగినయి. జర లెక్క చూసి చెప్పుండ్రి, నెలనెలా వచ్చుడు మంచిదా, ఏడాదికి ఒక్కసారి ఏసుకునుడు మంచిదా?"

ఏడాదికి ఒక్కసారి అంటే మళ్లీ వచ్చే ఏడాది ఇదే రోజు. పది నిమిషాలు.

బిల్లులు కౌంటర్ మీద తేదీల వరసన పరిచాను. అతని ఫోన్ తీసుకుని యాప్‌లో ఏ గడువులో ఎంత వాడాడో ఒక్కో బిల్లు పక్కన రాశాను. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాక్ అది. అర్ధరాత్రికి మిగిలింది మిగిలినట్టే పోతుంది. ఈ మహానుభావుడు ఇరవై ఎనిమిది రోజులు కలిపి వాడింది సగటున ఒకటీ ముప్పావు జీబీ. లిఫ్టు గుంతలో సిగ్నల్ రాదు, రూములో వైఫై ఉంది. ఎంత వాడినా ఏ నెలలోనూ రెండు దాటలేదు. మాట్లాడింది మాత్రం నెలకు రెండు వందల నిమిషాల పైచిలుకు, సూపర్‌వైజర్‌తోనూ వాళ్లమ్మతోనూ. కాబట్టి కాల్స్‌కు పరిమితి లేని ప్యాకే కావాలి.

"నెలకింత డేటాకు పైసలు కట్టి గాలికి వదిలిండ్రు" అన్నాను.

"మీరే ఏసిండ్రు కద" అని నవ్వాడు.

అతనికి సరిపోయేవి రెండున్నాయి. ఒకటి ఇరవై ఎనిమిది రోజులకు రెండు జీబీల చిన్న ప్యాక్, కాల్స్ ఎన్నైనా. రెండోది ఏడాదికి మొత్తం ఇరవై నాలుగు జీబీలు, కాల్స్ ఎన్నైనా. అతని పదమూడు గడువులూ కలిపితే ఇరవై మూడు జీబీలకు లోపే. ఇమిడిపోతుంది. చిన్న ప్యాక్ పదమూడు సార్లు వేయిస్తే ఏడాది ప్యాక్ కంటే దాదాపు ఆరు వందలు ఎక్కువ పడుతుంది.

ఆరు వందలు. నెలకు యాభై కూడా కాదు. చిన్న ప్యాకే తీసుకోండి అంటే అదేం పెద్ద అబద్ధం కాదు. ఇరవై నాలుగు జీబీలు మధ్యలో అయిపోతే ఇబ్బంది అని ఒక మాట చేరిస్తే నమ్మేస్తాడు కూడా. నోటి దాకా వచ్చింది. కానీ ఈ కౌంటర్ వెనక కూర్చున్న ఎనిమిదేళ్లలో ఎవరికీ అక్కర్లేని ప్యాక్ అంటగట్టలేదు. నాకున్న పొగరంతా ఆ ఒక్కదాని మీదే. నా కోసం ఒక మనిషి జేబు కోయడం ఏమిటని నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపం అతని మీద చూపించాను.

"దీంట్ల అడుగుడు ఏముంది? ఏడాదిది ఏసుకోండ్రి. నెలనెలా గింత దూరం తిరుగుడెందుకు, పని లేదా?"

అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "మీరు చెప్పినంక ఇగ అదే మంచిది" అన్నాడు. పైసలు ఇచ్చాడు. నేను నంబర్ కొట్టాను. మూడు వందల అరవై అయిదు రోజులు అని తెరమీద పడింది. ఒకసారి పడ్డ రీఛార్జ్‌ను వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

"బిల్లులు ఇడిసిపోతున్నరు" అన్నాను.

"ఇగ నాకెందుకు, మీరే ఉంచుకోండ్రి. వస్త."

బస్టాపు వైపు వెళ్లిపోయాడు. కౌంటర్ మీది కాగితాలు ఎత్తుతుంటే చేయి ఆగిపోయింది. అంతసేపూ తేదీలు చూశాను గానీ కాగితాలు చూడలేదు. పన్నెండు బిల్లులు, పన్నెండింటి మీదా నా ఊదారంగు ముద్ర. మొట్టమొదటి బిల్లు ఒక్కటే లేదు, మిగతావన్నీ ఉన్నాయి, అన్నీ అసలు బిల్లులే. అసలు బిల్లు ఇస్తేనే కంపెనీ పైసలిస్తుందని తనే చెప్పాడు. మరి ఇవన్నీ ఇతని దగ్గర ఎట్లా ఉన్నాయి?

అంటే అవి కంపెనీకి ఇవ్వనే లేదు, సొంత పైసలు పెట్టుకుని నెలనెలా ఇక్కడికే వచ్చాడు. అతను నన్ను లెక్క అడగలేదు. నెలనెలా రమ్మంటావా అని అడిగాడు. వద్దని నేనే చెప్పాను, కూడికలు వేసి మరీ చెప్పాను.

ఫోన్ తీశాను. పధ్నాలుగు సార్లు కొట్టిన నంబర్, వెతకక్కర్లేదు.

"హలో, నేను రేఖను. కొట్టుకాడి నుంచి."

"పడ్డది. మెసేజ్ వచ్చింది." వెనక బస్సు ఇంజిన్ చప్పుడు.

"కంపెనీ ఎప్పటిసంది పైసలు ఇస్తలేదు?"

"మొదటి బిల్లు ఒక్కటే తీసుకున్నరు. అటెన్క బంద్ పెట్టిండ్రు."

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తే యాప్‌ల ఏసుకోమంటరని."

నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. నిజమే, అట్లాగే అనేదాన్ని.

"నేను ఏడాది దాకా ఆగలేను. బస్సు దిగుండ్రి" అన్నాను.

టికెట్ కొట్టించుకున్నాక దిగుడేందయ్యా అని కండక్టర్ అతన్ని తిడుతున్న మాటలు ఫోన్లో స్పష్టంగా వినిపించాయి.