హేరోదు రాజు మీసం

గిద్దలూరులో మీసమున్న మగవాళ్లు వందలమంది ఉంటారు. కానీ మీసం అంటే జీవానందం మాస్టారిదే. అటు చెవి నుంచి ఇటు చెవిదాకా, రెండు కొనలూ పైకి తిరిగి, చూసినవాడు ఒక్క అడుగు వెనక్కి వేసేలా ఉంటుంది. పదకొండేళ్లుగా చర్చిలో క్రిస్మస్ నాటకంలో, పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు వేషం ఆయనదే. ఆ వేషానికి ఆయన నటన కారణమని ఆయన అనుకుంటాడు. మీసం కారణమని ఊరంతా అనుకుంటుంది. భార్య ఫెబీ అయితే ఆ మాట మొహం మీదే అంటుంది.

అటువంటి మీసాన్ని ఆ మహానుభావుడు స్టాఫ్ రూములో, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, పందెం కాశాడు!

గొడవ చిన్నదే. ఏడో తరగతి ఏ సెక్షన్‌కి ఆయన లెక్కలు చెబుతాడు, బీ సెక్షన్‌కి ప్రవీణ్ కుమార్ చెబుతాడు. ప్రవీణ్ కుమార్ కుర్రాడు, మొన్నమొన్నే మీసం పెంచడం మొదలుపెట్టాడు. పద్ధతి మనిషి. గుణకారం అంటే ఒకదాని కింద ఒకటి వేసి, వరుసగా గుణించి, కూడాలి, అంతే అంటాడు.

"అన్నా, నీ అడ్డదారులతో పిల్లోళ్లు సోమరోళ్లు అయితారు" అన్నాడు ప్రవీణ్ కుమార్. "సరిగ్గా భాగం పోని లెక్క ఒకటి పడితే చాలు, బోర్లా పడతారు."

"ఏందబ్బా నువ్వనేది? ఇరవై ఐదుతో గుణించాల్నంటే నాలుగుతో భాగించి నూరు పెట్టు. యాభై అయితే సగం చేసి నూరు పెట్టు. తొంభై తొమ్మిది అయితే నూరుతో గుణించి ఒకసారి తీసెయ్. మీ వాళ్లు గీత కొట్టేలోపు మా వాళ్లు జవాబు చెప్తారు!"

"మీసం పందెమా?"

అప్పుడైనా నాలిక్కరుచుకోవాలి కదా. లేదు. "పందెమే! మా లెక్క ఓడితే నాది, గెలిస్తే నీది" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ హైమావతి మేడం నవ్వు ఆపుకుంటూ తీర్పరిగా ఒప్పుకున్నారు. డిసెంబరు ఇరవై రెండు, గణిత దినోత్సవం, ప్రార్థన అయ్యాక ఐదు లెక్కలు. ప్రతి లెక్కకూ ప్రతి సెక్షన్ నుంచి ఒకరు. ఎవరన్నది చీటీ తీసి చెప్పాలి. ముందు సరైన జవాబు రాసి పలక ఎత్తినవాళ్లకు పాయింటు. తప్పు రాస్తే రెండోవాళ్లు నింపాదిగా చేసుకోవచ్చు.

చీటీ! ఇంటికెళ్లే దారిలోగానీ ఆయనకు ఆ మాట బరువు తెలియలేదు. చీటీలో ఎవరి పేరైనా రావచ్చు. నాటకం ఇరవై నాలుగు సాయంత్రం. మీసం పోతే రెండు రోజుల్లో మొలవదు.

"మీసం లేని హేరోదును చూసి గొల్లలు గూడా భయపడరు" అంది ఫెబీ, అన్నం వడ్డిస్తూ.

మర్నాటి నుంచి ఏ సెక్షన్‌లో యుద్ధమే. మార్కాపురం వెళ్లి రెండు డజన్ల పలకలు తెచ్చాడు. యాభై తొందరగానే లొంగింది. నలభై ఎనిమిదిలో సగం ఇరవై నాలుగు, ఇరవై నాలుగు వందలు. బేసి సంఖ్య అయితే మిగిలిన సగానికి యాభై. తొంభై తొమ్మిది మాత్రం ఏడిపించింది. ముప్పై ఏడు ఇస్తే విఘ్నేష్ మూడు వేల ఆరు వందల తొంభై తొమ్మిది అని అరిచాడు.

"ఒకటి తీసేసినావు రా! తీసేయాల్సింది ఒకటి కాదు, ఒకసారి! నూరు మందికి తలా ముప్పై ఏడు ఇచ్చినాం. ఒకడు ఎక్కువైనాడు. వాని దగ్గర ఎంత వెనక్కి తీసుకోవాల?"

"ముప్పై ఏడు సార్."

"అయితే?"

"మూడు వేల ఆరు వందల అరవై మూడు సార్!"

ఇక ఇరవై ఐదు. అందరూ పట్టేశారు, ఒక్క కన్యక తప్ప. నల్లమల వైపు పల్లె నుంచి వచ్చే పిల్ల, గొర్రెల కాపర్ల ఇల్లు. నాలుగుతో భాగించమంటే బిగుసుకుపోయేది. పద్నాలుగు ఇంటూ ఇరవై ఐదు అడిగితే వేళ్లు ముడుస్తూ ఏదో గొణుక్కుంది.

"వేళ్లు ముడవద్దని చెప్పినానా లేదా?"

"సార్, మా అవ్వ అయితే..."

"మీ అవ్వ సంగతి తర్వాత. నాలుగో ఎక్కం చెప్పు!"

కన్యక చేతులు వెనక్కి దాచుకుంది. ఎక్కం సగంలో ఆగింది. అరవై మంది పేర్లలో ఈ పిల్ల పేరే వస్తుందా ఏమిటి అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఇరవై రెండో తేదీ వచ్చింది. బడి బడంతా ఆవరణలో కూర్చుంది. బస్టాండు దగ్గరి సెలూన్ ఆయన కూడా పెట్టె పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరు పిలిచారో ఎవరూ ఒప్పుకోలేదు.

మొదటి లెక్క: యాభై ఇంటూ అరవై ఎనిమిది. ఏ సెక్షన్ పిల్ల పలక ఎత్తే వేగానికి చాక్‌పీసు ఎగిరి మేడం ఒళ్లో పడింది. ముప్పై నాలుగు వందలు! జీవానందం మీసం మెలేశాడు.

రెండోది: తొంభై తొమ్మిది ఇంటూ నలభై ఆరు. చీటీలో విఘ్నేష్. వాడు మెరుపులా పలక ఎత్తాడు: 4599. మళ్లీ ఒకటే తీసేశాడు, సన్నాసి! బీ సెక్షన్ పిల్లవాడు కింద కింద వేసుకుని, గుణించి, కూడి, నింపాదిగా 4554 చూపించాడు.

మూడోది ఇరవై ఐదు ఇంటూ ముప్పై ఆరు. నాలుగుతో భాగిస్తే తొమ్మిది, తొమ్మిది వందలు. ఏ సెక్షన్ కేకలకు గోడ మీది కాకులు లేచిపోయాయి. నాలుగోది యాభై ఇంటూ డెబ్బై మూడు. ఏ సెక్షన్ లక్ష్మణ్ ముప్పై ఆరు వందలని రాసి, మిగిలిన సగాన్ని గాలికి వదిలేశాడు. బీ వాళ్లు మూడు వేల ఆరు వందల యాభై అని సరిగ్గా రాశారు. చెరి రెండు పాయింట్లు.

"చెప్పినా కదన్నా, భాగం పోని లెక్క అని" అన్నాడు ప్రవీణ్ కుమార్, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే ఒళ్లు మండింది.

మేడం చివరి చీటీలు విప్పారు. "బీ సెక్షన్, హారిక. ఏ సెక్షన్, కన్యక."

అయిపోయింది. జీవానందం చెయ్యి దానంతటదే మీసం మీదకు వెళ్లింది, వీడ్కోలు చెప్పడానికి. గేటు దగ్గర పెట్టె మూత తెరిచిన చప్పుడు ఆయనకు స్పష్టంగా వినిపించింది.

"ఇరవై ఐదు ఇంటూ మూడు వందల నలభై ఏడు."

భాగం పోని లెక్క! హారిక టకటకా సంఖ్యలు వేసుకుని, కింద గీత కొట్టి, ఐదు ఏడులు ముప్పై ఐదు దగ్గర మొదలుపెట్టింది. కన్యక పలక వైపు చూడనే లేదు. సార్ వైపు ఒకసారి దొంగచూపు చూసి, కళ్లు మూసుకుని, వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయి. హారిక పదిహేడు వందల ముప్పై ఐదు రాసి రెండో వరుసలోకి దిగింది. కన్యక కళ్లు తెరిచి, నాలుగంటే నాలుగు అంకెలు గీకి పలక ఎత్తింది.

8675.

మేడం తన కాగితం చూశారు. మళ్లీ పలక చూశారు. "కరెక్ట్!"

ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పడం ఎవరి తరమూ కాదు. పలకలు గాల్లోకి లేచాయి, గంట కొట్టే ఆయన వేళకాని వేళ గంట కొట్టేశాడు, జీవానందం మాస్టారు యాభై రెండేళ్ల వయసులో రెండు కాళ్లూ నేల నుంచి లేపి గంతేశాడు.

"ఎట్ల చేసినావమ్మా?" అని అడిగారు మేడం.

"పుంజీలు మేడం. మా అవ్వ పాపమ్మ గొర్రెలను పుంజీలుగా లెక్కపెడతాది, నాలుగు నాలుగు చొప్పున. ఒక్కో గొర్రెకు ఇరవై ఐదు అనుకుంటే పుంజీకి నూరు. మూడు వందల నలభై ఏడంటే ఎనభై ఆరు పుంజీలు పోంగా మూడు గొర్రెలు మిగిలినాయి. ఎనభై ఆరు వందలు, మూడింటికి డెబ్బై ఐదు. మిగిలినవాటిని వదిలేస్తే అవ్వ కొడతాది మేడం."

ప్రవీణ్ కుమార్ చటుక్కున లేచాడు. "ఇది మీ సార్ చెప్పిన పద్ధతేనా పాపా?"

కన్యక అబద్ధం ఎరుగని పిల్ల. "సార్ చెప్పింది నాకు అర్థం కాలేదు సార్. ఇది మా అవ్వది."

ఇక చూడాలి గోల! 'అయితే సార్ లెక్క గెలవలేదు' అని బీ సెక్షన్, 'రెండూ నాలుగుతో భాగించడమే' అని ఏ సెక్షన్. మేడం చెయ్యెత్తారు.

"లెక్క గెలిచింది. చెప్పిన సారు గెలవలేదు. అందుకని ఇద్దరి మీసాలూ సగం సగం. జీవానందం గారూ, సగం చెయ్యడం మీరు నేర్పినదే గదా?"

సెలూన్ ఆయన కొలిచి మరీ రెండు వైపులా సగానికి కత్తిరించాడు. ప్రవీణ్ కుమార్‌కి సగం తీశాక ఏం మిగిలిందో వెతుక్కోవలసి వచ్చింది. ఇద్దరూ ఒకే అద్దంలో చూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఫెబీ చూసి, "హేరోదు తమ్ముడిలాగా ఉన్నావు, ఫరవాలేదు, నడిపిద్దాం" అంది.

కానీ రాత్రి భోజనం దగ్గర ఆయన మీసం గురించి ఆలోచించలేదు. వెనక్కి దాచుకున్న రెండు చేతుల గురించి ఆలోచించాడు. అవ్వ అయితే అని ఆ పిల్ల మొదలుపెట్టిన మాటను తనే నరికేశాడు. ఆ మాట ఆ రోజు విని ఉంటే! సిగ్గేసింది ఆయనకు, నిజంగా సిగ్గేసింది.

మర్నాడు తరగతిలోకి వచ్చి చాక్‌పీసు కన్యక చేతిలో పెట్టాడు. "మొన్న నీ నోరు మూయించినాను తల్లీ. తప్పు నాది. ఈరోజు నువ్వు చెప్పు, నేను వింటా." వెళ్లి చివరి బెంచీలో, విఘ్నేష్‌కీ లక్ష్మణ్‌కీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. తరగతి కిసకిసలాడింది.

కన్యక బోర్డు మీద నాలుగు గీతలు గీసి వాటి చుట్టూ సున్న చుట్టింది. పుంజీ అని రాసింది. కాసేపు మెల్లగా చెప్పింది, తర్వాత గొంతు పెరిగింది. ఆ తర్వాత ధైర్యం కూడా పెరిగింది.

"సార్, మీరు చెప్పండి. ఇరవై ఐదు ఇంటూ తొంభై తొమ్మిది!"

జీవానందం లేచి నిలబడ్డాడు. నూరు ఇరవై ఐదులు రెండు వేల ఐదు వందలు, ఒకసారి తీసేస్తే రెండు వేల నాలుగు వందల డెబ్బై ఐదు. జవాబు నాలుక చివరే ఉంది. చెప్పలేదు. తొంభై తొమ్మిది గొర్రెలను మనసులో దొడ్డి ముందు నిలబెట్టి, నాలుగు నాలుగు చొప్పున లోపలికి తోలడం మొదలుపెట్టాడు. మధ్యలో లెక్క తప్పింది. వేళ్లు ముడవబోయి, చటుక్కున చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"వేళ్లు ముడవండి సార్" అంది కన్యక. "ఏం కాదు."