మాస్టు కింది మడుగు

ఆ రేడియో స్టేషనులో రైతుల కార్యక్రమం చేసే ఆవిడని ఊళ్ళల్లో అందరూ పొలమక్క అనేవాళ్ళు. ఆవిడకి సొంత పొలం సెంటు కూడా లేదు. అయినా ఇరవయ్యేళ్ళుగా ఎరువుల గురించీ పురుగుల గురించీ చెప్పీ చెప్పీ ఆ పేరు సంపాదించుకుంది. ఆవిడ గది వెనక కిటికీలోంచి చూస్తే స్టేషను మాస్టు, ప్రసారాలు పంపే ఎత్తైన ఇనప స్తంభం, కనిపిస్తుంది. మాస్టు నిలబడింది ఒట్టి చిత్తడిలో. జమ్ము, తుంగ, కప్పలు, కొంగలు. పొద్దున్నే స్టూడియోలో "రైతు సోదరులకు నమస్కారం" అంటుంటే వెనకనుంచి కప్పలు కూడా బెకబెకమని వంత పాడేవి.

ఆ కప్పల నోరు మూయించే మనిషి రెండు నెలల కిందట స్టేషనుకి డైరెక్టరుగా వచ్చాడు. వచ్చిన వారానికే మడుగు వైపు చూసి ముక్కు మూసుకుని, ఇంత చోటు దోమలకి వదిలేశారా అన్నాడట. ఆ తర్వాతి వారం లారీలు మొదలయ్యాయి. కూల్చిన ఇళ్ళ పెళ్ళలు, విరిగిన బేసిన్లు, పగిలిన పెంకులు, ఒకసారి ఎవరిదో పరుపు కూడా, అన్నీ తెచ్చి మడుగులో కుమ్మరించారు. పైన ఎర్రమట్టి పోసి చదును చేసి, అద్దెకిచ్చే హాలు కడతారట. మాస్టు చుట్టూ పూలమొక్కలు పెడతారట. ఆ కంపు, ఆ దుమ్ము పొలమక్క గదిలోకి కూడా వచ్చేవి. రికార్డింగులో లారీల మోత పడుతోందని ఆవిడ కిటికీ వేసుకుంది. అంతకుమించి ఏం చేస్తుంది, పెద్దాళ్ళ వ్యవహారం కదా అనుకుంది.

సరిగ్గా ఆ దుమ్ములోనే డైరెక్టరు ఆవిడని పిలిచి, పైనుంచి ఉత్తరువు వచ్చింది, చిత్తడి నేలలు కాపాడాలని రైతులకి ఒక ప్రసంగం వెయ్యాలి అన్నాడు. పొలమక్క ఆయన మొహంలోకి చూసింది. నవ్వుతున్నాడేమోనని చూసింది. నవ్వటం లేదు. గురివిందకి తన కింద నలుపు కనపడదంటారు గానీ, ఈయన ఆ నలుపు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రసంగంలో ఏం చెప్పమంటారని అడిగితే, ఐదు నిమిషాలు నిండితే చాలు, ఏదో మంచి మాటలు చెప్పండి, ప్రసారం అయ్యిందని నేను రాసి పంపాలి అన్నాడు. ఛీ, ఇంతకంటే ఆయన దాన్ని వద్దన్నా బాగుండేది. వద్దనేవాడికి కనీసం మాటంటే భయం ఉంటుంది.

ఆవిడ ఆ పని నెత్తిన వేసుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆవిడ అన్న ఉండే ఊరు స్టేషనుకి బాగా దూరం, ప్రసారం అందే చివరి ఊళ్ళలో ఒకటి. ఏటికీ పొలాలకీ మధ్య ఆ ఊరికి పెద్ద చిత్తడి ఉంది, ఊరందరిదీ. దాన్ని పూడ్చి గోడౌన్లు కడతానని ఒక మట్టి కాంట్రాక్టరు తిరుగుతున్నాడు. ఆదివారం పొద్దున్న ఊరంతా కూర్చుని సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. అన్న ఒక్కడే అడ్డం పడుతున్నాడు. పోయినసారి ఏరు పొంగినప్పుడు పై ఊళ్ళల్లో ఇళ్ళు మునిగాయి, మనకి నీళ్ళు వాకిట్లోకి వచ్చి ఆగాయి, అది ఎవరి చలవ అని అడుగుతున్నాడు. వినేవాడు లేడు.

"నేను మొత్తుకుంటే పిచ్చోడంటున్నారు చెల్లీ," అన్నాడు ఫోనులో. "ఫోన్లో వీడియోలు చూపిద్దామంటే కాంట్రాక్టరు దగ్గర నాకంటే ఎక్కువ వీడియోలున్నాయి. అదే నీ నోటితో రేడియోలో వస్తే వింటారు. శనివారం సాయంత్రం అందర్నీ రచ్చబండ దగ్గర కూర్చోబెడతా. చెప్తావా?"

చెప్తానంది. వ్యవసాయ కాలేజీలో నేలల గురించి పాఠం చెప్పే పంతులమ్మ ఇంటికి రెండుసార్లు తిరిగింది. ఆ పంతులమ్మ మాట పొదుపు మనిషి. చిత్తడి ఉంటే వరదే రాదని రాసుకెళితే కొట్టేసింది, బోర్లన్నీ నిండిపోతాయని రాసుకెళితే అదీ కొట్టేసింది. చివరికి తేలిన ప్రసంగం పొలమక్క గొంతులో ఇలా ఉంది:

"ఏరు పొంగినప్పుడు నీళ్ళు ముందు చిత్తడిలోకి పరుచుకుంటాయి. అక్కడ జమ్మూ తుంగా వాటి పరుగుని పట్టి ఆపుతాయి. ఒక్క పూటలో ఊరి మీద పడాల్సిన నీళ్ళు కొన్ని రోజులపాటు నిమ్మళంగా దిగిపోతాయి. వరద అసలు రాదని చెప్పను. చిత్తడి ముందే నిండి ఉంటే దానికి పట్టే నీళ్ళూ తక్కువే. కానీ వచ్చే వరద పోటు తగ్గుతుంది. నిలిచిన నీళ్ళల్లో కొంత నేలలోకి ఇంకుతుంది. అడుగున బంకమన్నుంటే నడిమధ్యలో అంతగా ఇంకదు, ఇసుక కలిసిన అంచుల్లోంచి ఇంకుతుంది. మీ చిత్తడి అంచున ఉన్న బోర్లు ఎండాకాలం ఎన్నాళ్ళు పోస్తాయో, దూరంగా ఉన్నవి ఎన్నాళ్ళు పోస్తాయో మీరే చూసుకోండి. మట్టి పోస్తే ఆ నీళ్ళు మాయమైపోవు. నిలవడానికి వేరే చోటు వెతుక్కుంటాయి. ఆ చోటు మీ ఇల్లు కావచ్చు."

శనివారం సాయంత్రం అది ప్రసారమైంది. పట్నంలోనించి ఫోన్లు వచ్చాయి, చాలా బాగుందన్నారు. వాళ్ళకి చిత్తడీ లేదు పొలమూ లేదు, మెచ్చుకోవడానికి ఖర్చేముంది? డైరెక్టరు కూడా గది బయటికి వచ్చి, వినలేదు గానీ బాగుందని చెప్పుకుంటున్నారు అన్నాడు. పొలమక్క అన్న ఫోను కోసం ఎదురు చూసింది.

అన్న గొంతు నీరసంగా ఉంది. "ఏమీ వినపడలేదు చెల్లీ. ఒకటే గరగర. నెలరోజుల్నించి స్టేషను నీరసంగా వస్తుంటే సెట్టు పాడైందనుకుని సెల్లులు మార్చా. ఇవాళ మూడు సెట్లు పెట్టాం. మూడూ గరగరే. కాంట్రాక్టరు ఒకటే నవ్వు."

ఆవిడ తిన్నగా ట్రాన్స్‌మిటరు హాలుకి వెళ్ళింది. అక్కడి ఇంజనీరుని అందరూ బాబాయి అంటారు. ఆయన కోపం స్టేషనుకంతా తెలుసు. పోస్టు ఊడేదాకా అరుస్తాడని నవ్వుకునేవాళ్ళే తప్ప, ఆ అరుపులో ఏముందో వినేవాళ్ళు లేరు. పొలమక్క కూడా వినలేదు.

"ఇప్పుడొచ్చావా అమ్మాయ్," అన్నాడు. "మాస్టు పైకి ఎంత కనిపిస్తోందో కింద కూడా అంత ఉంది. రాగి తీగలు బండిచక్రం ఆకుల్లా నేలలో చుట్టూ పాతి ఉన్నాయి. నేల తడిగా ఉంటేనే వాటి పని సాఫీగా సాగి, రేడియో కెరటం దూరం నడుస్తుంది. పాతవాళ్ళకి బుద్ధుండే మడుగు వెతికి మరీ నిలబెట్టారు. ఈయనేమో దాని మీద పెంకులు పోశాడు. పోయిన వారం బుల్డోజరు సగం తీగలు పీకేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నెలన్నరగా చెప్తున్నా. దగ్గర ఊళ్ళకి తేడా తెలీదు. చివరి ఊళ్ళే ముందు పోతాయి."

పొలమక్కకి అప్పుడు అర్థమైంది. చిత్తడిని పూడ్చొద్దని చెప్పే మాట, చిత్తడిని పూడ్చినందువల్లే దారిలో చచ్చిపోయింది. ఆవిడకి అసహ్యం పుట్టింది. డైరెక్టరు మీద ఎంత పుట్టిందో, వేసుకున్న తన కిటికీ మీద అంత పుట్టింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆవిడ బస్సెక్కింది. బాబాయి కూడా అడక్కుండానే వచ్చి పక్కన కూర్చుని, దారి పొడుగునా డైరెక్టరుని తిడుతూనే ఉన్నాడు.

వెళ్ళేసరికి ఊరంతా రచ్చ దగ్గర ఉంది. కాంట్రాక్టరు తెల్లచొక్కాలో నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద కాగితం, వేలిముద్రలకి సిరా డబ్బా. అన్న పరుగున ఎదురొచ్చి, పొలమక్క వచ్చింది, ఇప్పుడైనా వినండి అన్నాడు. ఇన్నేళ్ళూ గొంతే విన్నవాళ్ళు మనిషిని చూసి కాస్త సర్దుకుని చోటిచ్చారు. ఆవిడ నిన్నటి ప్రసంగం మళ్ళీ మొదలుపెట్టి బోర్ల మాట దాకా వచ్చిందో లేదో, కాంట్రాక్టరు చెయ్యెత్తాడు. అరవలేదు. మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, మీ స్టేషను మడుగు ఎవరు పూడుస్తున్నారో వీళ్ళకి చెప్పారా? నేనే. మీ డైరెక్టరుగారే పిలిచి ఇచ్చారు పని. మీరు పూడ్చుకుంటే అభివృద్ధి, వీళ్ళు పూడ్చుకుంటే పాపమా?"

రచ్చ అంతా నవ్వింది. అన్న తల దించుకున్నాడు. పొలమక్కకి ఎక్కడైనా గొయ్యి ఉంటే దూకుదామనిపించింది, కానీ అదీ పూడ్చే ఉంటారు. వాడన్నది అబద్ధమైతే తిట్టి ఊరుకునేది. అబద్ధం కాదే! ఇంత సిగ్గులేని నిజాన్ని ఇంత శుభ్రమైన చొక్కా వేసుకుని చెప్తున్నాడు.

"నిజమే," అంది ఆవిడ. "పూడుస్తున్నారు. నిన్న సాయంత్రం మీకు నా గొంతు ఎందుకు వినపడలేదో తెలుసా? అందుకే."

నవ్వు ఆగింది. ఆవిడ అక్కడున్న సెట్టు ఒకటి తీసి పెట్టింది. ముందే రికార్డు చేసి పెట్టిన తన ఆదివారం కార్యక్రమం వచ్చే వేళ అది. గరగర. అన్న ఇంకో సెట్టు పెట్టాడు. గరగర. బాబాయి ముందుకొచ్చి, మాస్టు కింద తీగలు ఎలా ఉండేవో మట్టిలో పుల్లతో గీసి చూపించాడు. నేల కింద జరిగేది పైకి కనపడదనీ, పోయేదాకా ఉందని ఎవరికీ తెలీదనీ అన్నాడు. ఈసారి అరవలేదు. రెండు సెట్లూ అలా గరగరమంటూనే ఉన్నాయి, ఎవరూ కట్టెయ్యలేదు.

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, నా బోరు చిత్తడి అంచునే ఉంది, పోయినేడు ఎండాకాలం ఊళ్ళోవాళ్ళంతా నీళ్ళు నా దగ్గరే పట్టుకెళ్ళారు కదా అన్నాడు. కొందరు అవునన్నారు. ఇంకొకడు సిరా డబ్బా మూత పెట్టాడు. ఆ పూట సంతకాలు వద్దనుకున్నారు. కాంట్రాక్టరు కాగితం మడుచుకుని, మళ్ళీ వస్తా, తొందరేముంది అని కారెక్కాడు. వాడు మళ్ళీ వస్తాడని అందరికీ తెలుసు. వరద కూడా వస్తుందని ఇప్పుడు కాస్త గుర్తొచ్చింది.

అన్న మొహం వెలిగిపోయింది. చెల్లెల్ని ఇంటికి భోజనానికి లాక్కెళ్ళబోతుంటే, అంతసేపూ ఏమీ మాట్లాడని ఒక ముసలావిడ పొలమక్క చెయ్యి పట్టుకుంది. రోజూ ఆ గొంతు వింటూ పెరటి పని చేసుకునే మనిషి. నెలరోజులుగా ఆ గొంతు కోసం సెట్టు తిప్పుతూనే ఉందట.

"అంతా బాగా చెప్పావు తల్లీ," అంది. "మరి మీ మడుగులో మట్టి పోస్తుంటే నువ్వేం చేశావు?"

పొలమక్క బాబాయి వైపు చూసింది. ఆయన వేరే ఎటో చూస్తున్నాడు.

"కిటికీ వేసుకున్నానమ్మా," అంది.