గుంటకాపు రావడానికి ఏడు రోజులు

వినీల రాసిన మొదటి క్యాప్షన్‌లో ఫోటో లేదు, పేరు లేదు, ధర లేదు. ‘ఇంక ఏడు రోజులు. తెల్లవారుజామున మీ గుంటను ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారు?’ అంతే. రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్ మోగించే యంత్రం ‘గుంటకాపు’. వచ్చే ఆదివారం అల్లూరులో విడుదల. అంతవరకు రోజుకొక పోస్టు రాసే పని వినీలది.

ఆమె కాఫీ తాగి వచ్చేలోగా కంపెనీ యజమాని అశోక్ ఆ పోస్టుకు యంత్రం ఫోటో, ధర తగిలించేశాడు.

“ఏందన్నా ఇది? ఈ రోజు మన పని, ఇదేందో తెలుసుకోవాలన్న ఆత్రం పుట్టించడం. అంతా చూపించేస్తే రేపు మళ్ళీ ఎవరు వస్తారు?”

“ఫోటో లేకుండా ఎవురు చూస్తారమ్మా? వస్తువు అమ్మేదానికి పొడుపు కథలెందుకు?”

వినీలకు ఒళ్ళు మండింది. వారమంతటికీ పథకం వేసి, అతనికి చూపించి, సరేననిపించుకున్న తరువాతే మొదలుపెట్టింది. మొదటిరోజు ఆత్రం. రెండోరోజు గుంటలో ఆక్సిజన్ పడిపోతే రైతు పడే బాధ. మూడోరోజు యంత్రాన్ని చూపించడం. నాలుగోరోజు అది పనిచేసే తీరు. ఐదోరోజు వాడి చూసిన రైతు మాట. ఆరోరోజు సందేహాలకు జవాబులు. చివరిరోజు ఎక్కడికి, ఎప్పుడు రావాలో. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లాంటివి. అతను మొదటి ఇటుకే లాగేశాడు.

సోమవారం మరీ ఘోరం. ‘గుంటలో ఊపిరాడక రొయ్యలు పైకి తేలిన పొద్దు రైతు గుండె ఎలా ఉంటుందో మాకు తెలుసు’ అని ఆమె రాస్తే, కింద అతను ‘ఇక ఒక్క రొయ్య కూడా చావదు!’ అని చేర్చాడు. తెగులొస్తే చావవా? మేత ఎక్కువై నీళ్ళు చెడితే చావవా? ఆమె తీసేసింది. అతను మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నానికి దాని కింద ఒక వ్యాఖ్య వచ్చింది.

‘మొన్న నా గుంటలో ఆక్సిజన్ పడింది. ఫోను మోగలా. నాయంతట నేనే పోయి నీళ్ళకు గాలి పట్టే ఏరేటర్లు ఆన్ చేసుకున్నా.’

రాసింది రోజారమణి. నెల రోజులుగా యంత్రాన్ని వాడి చూస్తున్న రైతు ఆమే. గురువారం పోస్టులో రావలసిన మాట కూడా ఆమెదే.

“తీసెయ్ దాన్ని,” అన్నాడు అశోక్.

“తీస్తే ఆమె ఊరంతా చెప్తుంది. ముందు ఏమైందో కనుక్కుందాం.”

రుసరుసలాడుతూనే అతను బండి తీశాడు. ఇద్దరూ గుంట గట్టుకు చేరేసరికి రోజారమణి మేత చల్లుతోంది.

“అక్కా, మాకు ఫోన్ చేసుండొచ్చు కదా,” అన్నాడు అశోక్.

“చేసినా నాయనా, రెండుసార్లు. నువ్వు ఎత్తలా. ఆడ చూడబోతే ఒక్క రొయ్యా చావదని రాసుకుంటా ఉండావు.”

వినీల యంత్రం దగ్గరికి వంగి చూసింది. తెర మీద ఆక్సిజన్ కొలత సరిగ్గానే ఉంది. తన ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. యంత్రం కొలుస్తోంది గానీ, కబురు గట్టు దాటడం లేదు. గట్టు పొడవునా నడిచి చూస్తే మోటారు షెడ్డు వైపు సిగ్నల్ దొరికింది. పొడవాటి తీగతో యాంటెన్నాను షెడ్డు కప్పు మీదికి ఎత్తించారు. మరునాడు ఫోన్ మోగవలసిన ఆక్సిజన్ హద్దును కావాలని పెంచి చూస్తే రోజారమణి ఫోన్ మోగింది.

“ఇది సందేహాల రోజున చెప్పాలన్నా,” అంది వినీల.

“మన గొంతు మనమే కోసుకోవాల్నా?”

“చెప్పకపోతే నేను రాయను. మిగతావన్నీ నువ్వే రాసుకో.”

అతను విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం ‘నీ ఇష్టం’ అని రెండు మాటల సందేశం పంపాడు. గురువారం రోజారమణి జరిగింది జరిగినట్టు వీడియోలో చెప్పింది. శుక్రవారం వినీల రాసింది: ‘ఇంక రెండు రోజులు. సిగ్నల్ లేనిచోట గుంటకాపు ఫోన్ మోగించదు. కొనేముందు మీ గట్టు మీద పరీక్షించి చూపిస్తాం. తెగుళ్ళను ఇది ఆపదు.’ అన్ని పోస్టుల్లోకీ దానికే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. ఒక్కొక్కదానికీ జవాబిచ్చేసరికి ఆమె వేళ్ళు నొప్పిపుట్టాయి.

ఆదివారం అల్లూరులో విడుదల హాలు సగమే నిండింది. వచ్చినవాళ్ళు మాత్రం తమ గుంటలు ఏ ఊళ్ళో ఉన్నాయో చెప్పి, వచ్చి పరీక్షించమని పేర్లు ఇచ్చి వెళ్ళారు.

“మొదటిరోజే ధర పెట్టబట్టి ఈ మాత్రమన్నా వచ్చినారు,” అన్నాడు అశోక్, కుర్చీలు మడుస్తూ.

వినీలకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. “రేపట్నుంచి పరీక్షలకు ఆ గట్లన్నీ నువ్వే తిరుగన్నా,” అని బ్యాగు భుజాన వేసుకుంది.