ఏటూరునాగారం నుంచి వచ్చిన ఫొటోలు

ఎనభై నాలుగో సంవత్సరం వానాకాలంలో మొగిలి నాలుగు ఫొటోలు జేబులో పెట్టుకుని వరంగల్‌లో బస్సు దిగాడు. ఏటూరునాగారంలో అతనికి పంక్చర్ల దుకాణం ఉంది. ఫొటోలు నర్సు సమ్మమ్మ సైకిలువి. కొన్నేళ్లు అక్కడ వైద్యం చేసిన విదేశీ డాక్టరమ్మ వెళ్లిపోతూ ఆమెకు ఇచ్చిన ఐదు గేర్ల బండి అది. అలాంటి బండి మొగిలి ఎన్నడూ విప్పలేదు. వరంగల్‌లో విప్పినవాడు కైలాసం ఒక్కడే. పదేళ్లు సికింద్రాబాద్‌లో రేసు సైకిళ్లు బాగుచేసి వచ్చాడాయన.

"అన్నా, గేర్లు మార్చే డీరెయిలర్ ఖరాబైంది. అసొంటిది ఒకటి కావాలె. గడ్డ ఎక్కుతాంటె చైను టక్కున జారుతాంది. కొత్త చైను ఏస్తె ఇంకింత ఎక్కువైంది" అన్నాడు మొగిలి.

"బండి తేకపోతివి తమ్మీ?"

"సమ్మమ్మక్క ఇయ్యలే. టీకాల పెట్టె కట్టుకొని రోజూ గూడేలు తిరుగుతది. గడ్డ కాడ దిగి నూకుతాంది గని బండి మాత్రం ఇడువది."

కైలాసం పక్కనున్న గడియారాల దుకాణం నుంచి భూతద్దం అడిగి తెచ్చుకున్నాడు. మొదటి ఫొటోను చాలాసేపు చూశాడు.

"డీరెయిలర్ మంచిగనే ఉన్నది. చైను పోయే గీ రెండు చిన్న చక్రాలు చూడు, పండ్లు అరగలే. దాన్ని పట్టిన రేకు సుత వంగలే. చైను అన్ని గేర్లల్ల జారుతాందా?"

"లేదన్నా. నడిమి రెండిట్లనే."

కైలాసం రెండో ఫొటో అతని ముందుకు జరిపాడు. వెనక చక్రానికి ఉండే ఫ్రీవీల్ అది, ఒకదాని పక్కన ఒకటి ఐదు పళ్లచక్రాలు. అటూ ఇటూ ఉన్న మూడింటి పళ్లు నిటారుగా ఉన్నాయి. మధ్య రెండింటి పళ్లు మాత్రం కొడవలి మొనల్లా ఒకవైపు వంగి అరిగాయి.

"అక్క ఎక్కువ తొక్కేది గీ రెండే. పాత చైను గీ పండ్లతోని కలిసి అరిగింది, అందుకే సర్దుకున్నది. కొత్త చైను కూసోదు. మార్చాల్సింది ఫ్రీవీల్."

మొగిలి ఫొటోను మళ్లీ దగ్గరగా చూశాడు. తాను చేత్తో ముట్టుకున్న బండిలో కనిపించనిది ఈయన కాగితం మీద చూశాడు.

కైలాసం దగ్గర పాత రేసు సైకిలుది ఐదు చక్రాల ఫ్రీవీల్ ఒకటి ఉంది. మొగిలి దాన్ని సంచిలో వేసుకుని లేవబోతుండగా ఆయన చివరి ఫొటో దగ్గర ఆగిపోయాడు. పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ అది. ఊగుతోందని మొగిలి దానికి కూడా ఫొటో తీయించాడు. బీబీ కప్పు మొహం మీద ఏవో చిన్న అంకెలు చెక్కి ఉన్నాయి. 35, దాని పక్కన గుణకారపు గుర్తు, 1.

"సంచి ఇటియ్యి" అన్నాడు కైలాసం.

"ఏమైందన్నా?"

"గిది మిల్లీమీటర్ల కొలత, ఫ్రెంచి బండ్లది. మన సైకిళ్లు ఇంచుల లెక్క. బీబీ మరలు గట్లుంటే ఎనక చక్రం నడుమ ఫ్రీవీల్ ఎక్కే హబ్ మరలు సుత గట్లనే ఉండచ్చు. అప్పుడు నేనిచ్చిన ఫ్రీవీల్ జర వదులైతది. చేత్తోని తిప్పితే మంచిగనే ఎక్కుతది, గదే మోసం. గడ్డ మీద గట్టిగ తొక్కంగనే హబ్ మరలు తెగుతయ్. అడివి నడుమ అక్క నిలబడిపోతది."

"మరి ఎట్ల తెలుస్తది?"

కైలాసం రెండు కొమ్ముల పానా ఒకటి ఇచ్చాడు. పాత ఫ్రీవీల్ నడుమ ఆ కొమ్ములు పట్టే రెండు గాళ్లు రెండో ఫొటోలోనే ఆయన చూసుకున్నాడు.

"ఊడదీసి, కిరసనాయిలుతోని కడిగి, లోపలి మొహం ఫొటో తీయించు. ఫొటో తీసినంక మళ్ల పాతదే బిగించు. అక్క పని ఆగద్దు."

వారానికి ఐదో ఫొటో టపాలో వచ్చింది. స్టూడియో అతను ఫ్రీవీల్‌ను తెల్లగుడ్డ మీద పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తీశాడు. మరల అంచున 34.7 అని స్పష్టంగా ఉంది. అదీ మిల్లీమీటర్ల కొలతే, కైలాసం అనుమానమే నిజమైంది. ఆయన ఆ ఫొటోనే కవరులో పెట్టి సికింద్రాబాద్‌లోని తన ఉస్తాద్‌కు పంపాడు. నెల తిరక్కుండా ఒక పాత ఫ్రెంచి రేసు బండి ఫ్రీవీల్ పార్సిల్‌లో వచ్చింది.

దాన్ని బిగించడానికి కైలాసం తానే ఏటూరునాగారం వెళ్లాడు. ఫ్రీవీల్ హబ్ మీద ఎక్కడా వదులు లేకుండా కూర్చుంది. తర్వాత బీబీ విప్పారు. మన సైకిళ్ల అలవాటుతో మొగిలి కుడి కప్పును సవ్యంగా తిప్పబోతే కైలాసం చెయ్యి పట్టుకున్నాడు.

"దీని మరలు ఏరే తమ్మీ. మామూలు బోల్టు లెక్క ఎడమకు తిప్పు."

కప్పు కదిలింది. లోపల గుంటలు పడలేదు. బాల్స్ మాత్రం అరిగాయి. అవి పావు ఇంచువే, మొగిలి డబ్బాలోనే దొరికాయి.

సమ్మమ్మ టీకాల పెట్టె కట్టుకుని బండెక్కింది. ఊరి బయట గడ్డ మీద మధ్య గేరులో ఎక్కడా దిగకుండా పైదాకా తొక్కింది. అక్కడ ఆగి కిందికి చూసి అరిచింది.

"ఓ కైలాసమన్నా! మా బండి నీకు ముందే ఎర్కనా?"

"ఇయ్యాల్నే చూస్తున్ననమ్మా" అన్నాడాయన కిందినుంచి.

ఆమె చెయ్యెత్తి, మలుపు తిరిగి గూడెం బాట పట్టింది. చైను చప్పుడు లేకుండా సాగిపోయింది. ఇద్దరు మెకానిక్‌లూ ఆమె కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.