అత్తకిచ్చిన మాట

జ్ఞానమ్మకు కోడలి మీద కోపం వచ్చి మూడు రోజులైంది. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. కోడలు తనను వదిలి వెళ్ళనంటోంది, అదీ కోపం.

రాజోలు దగ్గర కాలవగట్టు మీద రెండు గదుల ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే ఉంటారు. కొడుకు అనిల్ కువైట్‌లో డ్రైవరుగా చేస్తూ, అక్కడే గుండె ఆగి, మూడేళ్ల కిందట పెట్టెలో తిరిగొచ్చాడు. చర్చి వెనక కొబ్బరిచెట్ల మధ్య పూడ్చారు. కోడలు జ్యోతిర్మయికి ఇప్పుడు ఇరవై ఎనిమిది. పిల్లలు లేరు. ఇంట్లోనే మిషను పెట్టుకుని ఊళ్ళో అందరికీ జాకెట్లు కుడుతుంది.

ఆ పిల్లది బండారులంక. నేత పనిచేసే హిందువుల ఇంట్లో పుట్టి, అనిల్‌ని ఇష్టపడి చేసుకుంది. అతన్ని పూడ్చిన మర్నాడే తండ్రి ఆటో తీసుకొచ్చాడు. జ్ఞానమ్మే బట్టలు సర్ది సంచీ చేతికిచ్చి, వెళ్ళమ్మా, నీకింకా బోలెడు వయసుంది, నా దగ్గర ఏముందని ఉంటావు అంది. జ్యోతిర్మయి సంచీ కింద పెట్టి గుమ్మంలో చతికిలబడింది. తన పెళ్లికార్డు మీద అచ్చేసిన వాక్యం, పెళ్లిరోజు పాస్టరు గారు చదివించిన వాక్యం, ఆమెకు నోటికి వచ్చు. దాన్ని తన మాటల్లో అత్తకు చెప్పింది. "మీరెక్కడికెళ్తే నేనక్కడికే అత్తయ్యగారూ. మీ ఇల్లే నా ఇల్లు, మీ వాళ్లే నా వాళ్లు, మీ దేవుడే నా దేవుడు. మీరు పోయినచోటే నేనూ పోతాను. నన్నూ అక్కడే పూడుస్తారు."

ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ రోజు జ్ఞానమ్మ ఎంత ఏడ్చిందో అంత ఊరట పడింది. ఆ ఊరట పడినందుకు తర్వాత మూడేళ్లూ సిగ్గుపడుతూనే ఉంది. పిల్ల బతుకుని తన కొంగుకి ముడేసుకున్నట్టు అనిపించేది.

అందుకే లోవరాజు సంబంధాన్ని తనే వెతికి తెచ్చింది. కాట్రేనికోనలో రొయ్యల చెరువులు చూసుకుంటాడు. భార్య పోయి నాలుగేళ్లు. మాట తక్కువ, పని ఎక్కువ. వాళ్ల తాత కాలంలోనే చర్చిలో చేరినా, తుని దగ్గరి లోవ అమ్మవారి మొక్కుబడి పేరు మాత్రం ఇంట్లో ఎవరో ఒకరికి తగిలిస్తూనే ఉంటారు. అతను రెండుసార్లు వచ్చి టీ తాగి వెళ్ళాడు. అతని ఫోన్ వస్తే జ్యోతిర్మయి తుడిచిన మిషనే మళ్ళీ తుడుస్తుంది. ఆ సంగతి జ్ఞానమ్మ కనిపెట్టకపోలేదు.

కానీ చెరువుల మీద మనిషి చెరువుల దగ్గరే ఉండాలి. రొయ్యలకి గాలి కొట్టే యంత్రం ఒక్క పూట ఆగినా సరుకంతా తేలిపోతుంది. కాబట్టి కాపురం కాట్రేనికోనలోనే. మీరూ వస్తేనే నేను వెళ్తాను అంది జ్యోతిర్మయి. నేను కదలను అంది జ్ఞానమ్మ. కోడలి రెండో మొగుడి ఇంట్లో అత్త కూర్చుని తింటోందని జనం ఆడిపోసుకోరా? అది పైకి చెప్పిన మాట. లోపలి మాట వేరు. ఆదివారం ఆరాధన అయ్యాక కొడుకు సమాధి మీద కొబ్బరాకులు ఏరి, కాసేపు కూర్చుని రావడం ఆమెకు అలవాటు. తను వెళ్ళిపోతే వాడి దగ్గర ఎవరు కూర్చుంటారు? మీరు కదలకపోతే నేనూ కదలను, మాటిచ్చాను అని కోడలు మిషను ముందు కూర్చుంది. సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమని లోవరాజు మర్యాదగా అడిగాడు.

శనివారం పాస్టరు గారు వచ్చారు. జ్ఞానమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ కడిగేసింది. "మొగుడు పోయిన పిల్ల అత్తతో అన్న మాటండి అది. పెళ్లిలో దాని పనేంటండి? కార్డుల మీద అచ్చేసి మీరే దీని బుర్ర చెడగొట్టేరు."

ఆయనకు కోపం రాలేదు. నిజమేనన్నారు. బైబిల్లో రూతు ఆ మాట అన్నప్పుడు అక్కడ పందిరీ లేదు, పెళ్లికొడుకూ లేడు. మోయాబు దేశం నుంచి బేత్లెహేముకి పోయే దారిలో ముగ్గురు విధవలు. అత్త నయోమి కోడళ్లిద్దర్నీ పుట్టిళ్లకు పొమ్మంది. అత్తను ముద్దు పెట్టుకుని ఒక కోడలు, ఓర్పా, వెనక్కి తిరిగింది, ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. రూతు మాత్రం అత్తను హత్తుకుంది. పుట్టిన ఊరు, పుట్టింటి దేవుళ్లు, అన్నీ విడిచి, దారి, ఇల్లు, జనం, దేవుడు, చావు, సమాధి ఒక్కొక్కటే పేరుపెట్టి చెప్పి, మాట తప్పితే దేవుడే శిక్షించాలని ఒట్టేసుకుంది. రక్తం పంచుకోని మనిషితో జీవితాంతం ఉంటానని ఎవరూ బలవంతపెట్టకుండా ఇంత వివరంగా చెప్పిన మాట ఇంకెక్కడ దొరుకుతుంది? పెళ్లి కూడా అదే కదా. మగవాడు తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకుంటాడని ఆదికాండంలో ఉన్న మాటా అదే. అందుకని పెళ్లివాళ్లు అత్తాకోడళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నారు అన్నారాయన.

"అయితే కార్డు మీద రెండు వచనాలే పడతాయమ్మా. మనం అక్కడే ఆగిపోతాం. రూతు పుస్తకం నాలుగు అధ్యాయాలు" అని టీ తాగి వెళ్ళిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం జ్ఞానమ్మ కళ్లజోడు పెట్టుకుని పెద్దక్షరాల బైబిలు తీసింది. చిన్నప్పట్నుంచి విన్న కథే. విన్నప్పుడల్లా రూతునే తలుచుకుంది. ఈసారి వేలు పెట్టి నయోమి వెంట నడిచింది.

మూడో అధ్యాయంలో ఆగింది. రూతుకి ఒక నీడ చూడాలని అనుకున్నది నయోమే. తలంటుకుని మంచి బట్ట కట్టుకుని తన భర్త వైపు చుట్టం బోయజు కళ్లం దగ్గరికి వెళ్ళమని చెప్పింది కూడా నయోమే. అంటే రూతు ఆ బోయజుని పెళ్లి చేసుకున్నా అత్తకిచ్చిన మాట తప్పలేదన్నమాట. నాలుగో అధ్యాయంలో పుట్టిన బిడ్డని నయోమి ఒళ్లో పెట్టుకుని పెంచింది. నయోమికి కొడుకు పుట్టాడని ఇరుగుపొరుగు ఆడవాళ్లు చెప్పుకున్నారు, ఏడుగురు కొడుకుల కంటే ఈ కోడలే ఎక్కువన్నారు. ఆ ఇంట్లో అత్త ఉందని ఎవరూ ఆడిపోసుకున్నట్టు లేదు.

జ్ఞానమ్మకు ఏదో తట్టి మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. నయోమి భర్త మోయాబులో పోయాడు. ఇద్దరు కొడుకులూ మోయాబులోనే పోయారు. వేళ్లమీద లెక్కపెట్టింది. మూడు సమాధులు. ఆ మూడింటినీ అక్కడే వదిలి, బతికున్న పిల్లతో నడిచొచ్చింది ఆ తల్లి. ఇన్నేళ్లుగా ఈ కథ వింటూ ఒక్కసారైనా ఆ సమాధుల సంగతి ఆలోచించలేదే అని జ్ఞానమ్మకు తన మీద తనకే చిరాకేసింది. తర్వాత కళ్లజోడు తీసి చాలాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక ఒళ్లు తేలికైంది.

వంటింట్లో జ్యోతిర్మయి పచ్చికొబ్బరి కోరుతోంది. జ్ఞానమ్మ వెళ్ళి ఎదురుగా పీట వేసుకుంది. కోడలు తలెత్తలేదు. మళ్ళీ గొడవే అనుకుని కోరడం జోరు పెంచింది.

"ఆ లోవరాజుకి ఫోన్ చెయ్యమ్మా" అంది జ్ఞానమ్మ. "గది ఒకటి ఎక్కువ కావాలని చెప్పు. నెలకో ఆదివారం నన్ను రాజోలు తీసుకురావాలని కూడా చెప్పు, అనిల్ దగ్గరికి."

జ్యోతిర్మయి చెయ్యి ఆగిపోయింది. నిజంగానా అన్నట్టు చూసింది.

"ఆ రోజు గుమ్మంలో నువ్వన్నావు, నేను విన్నాను. ఇవాళ నేనంటాను, నువ్వు విను" అంది జ్ఞానమ్మ. "నువ్వెక్కడికెళ్తే నేనక్కడికే వస్తానే."