ఆగస్టు గడులు

జోయెల్ వేసిన లెక్కలో మామూలు ఆదివారం నాడు మూడు వందల ఇరవై భోజనాలు పోతాయని ఉంది. అది చూడగానే ఈ పిల్లగాడు మమ్మల్ని ముంచడానికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడని నాకు అర్థమైపోయింది. పాల్వంచలో పదిహేనేళ్లుగా మెస్ నడుపుతున్నదాన్ని. ఆదివారం ఎంత నీరసంగా ఉంటుందో నాకు ఒకడు చెప్పాలా? కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వచ్చే కుర్రాళ్లు శనివారం సాయంత్రమే ఊళ్లకు బస్సెక్కేస్తారు. ఆదివారం నాడు మా వంటమనిషి భీమక్క సగం బియ్యమే ఎసట్లో పోస్తుంది.

ఈ లెక్క ఎందుకంటే, మా మరిది బాలకృష్ణ భద్రాచలంలో ఫ్యామిలీ రెస్టారెంట్ పెడదామంటున్నాడు. కరకట్ట పక్కన పగిడయ్య గారి బిల్డింగు కిరాయికి ఉంది. మొన్నటిదాకా అందులో వేరే ఎవరో భోజన హోటల్ నడిపి, దసరాకు ముందు ఖాళీ చేసి సత్తుపల్లి వెళ్లిపోయారు. బ్యాంకు వాళ్లు అప్పివ్వాలంటే ఏ నెలలో ఎంత అమ్ముడుపోతుందో ముందుగా కాగితం మీద చూపించమన్నారు. నాకు మాత్రం బ్యాంకు కంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. నేను భద్రాచలం వెళితే పాల్వంచ మెస్ వదిలేసుకోవాలి. దాన్ని తీసుకోవడానికి ఇంకొకాయన తయారుగా ఉన్నాడు. సోమవారానికల్లా అవునో కాదో చెప్పమంటున్నాడు. ఒకసారి చేయి దాటిపోయిందంటే ఆ మెస్ మళ్లీ నాకు దొరకదు. ఆ మెస్సే మా ఆయన పోయాక నన్ను, స్కూలు నిక్కర్లలో ఉన్న ఈ బాలకృష్ణనూ బతికించింది.

అందుకే కార్తీకమాసమని కూడా చూడకుండా, గుడికి వెళ్లాల్సిన పొద్దున కొత్తగూడెం బస్సెక్కి, జోయెల్ షాపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జిరాక్సు, డీటీపీ, బ్యాంకులకు ప్రాజెక్టు రిపోర్టులు, అన్నీ ఆ ఒక్క గదిలోనే. జోయెల్‌కు పాతికేళ్లు కూడా ఉండవు. నన్ను అక్కా అని పిలుస్తాడు. అక్కా అని పిలిచేవాళ్ల దగ్గర నేను ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటాను. బాలకృష్ణ కూడా వచ్చాడు గానీ లోపల కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు.

ఆదివారం సంగతి అడిగితే జోయెల్ విసుక్కోకుండా చెప్పాడు. కొత్త హోటల్‌కు పాత లెక్క ఉండదు కాబట్టి, అదే బిల్డింగులో నడిచిన హోటల్ టోకెన్ల లెక్క ఏడాదిది పగిడయ్య గారి ద్వారా తెప్పించి, ఏ రోజు ఎన్ని భోజనాలు పోయాయో తేదీల వారీగా కొట్టాడట. ఏడాది మొత్తానికి రోజు సగటు రెండు వందలు. ఆదివారాలు మాత్రమే తీసి సగటు కడితే మూడు వందల ఇరవై. దాన్ని రెండు వందలతో భాగిస్తే ఒకటిన్నర దాటింది, అది ఆదివారం గుణకం, నెల సగటును దానితో హెచ్చిస్తే ఆ నెల ఆదివారాల అమ్మకం తేలుతుందట. మంగళవారానిది ఒకటి కూడా లేదు. నా మెస్సుకు వచ్చేది పని చేసేవాళ్లు, అక్కడికి వచ్చేది సెలవు దొరికినవాళ్లు. నా వారం లెక్క అక్కడ నడవదన్నాడు. వినడానికి బాగానే ఉంది. వినడానికి బాగుండేలా చెప్పడమే కదా వీళ్ల పని అనుకున్నాను.

తర్వాత శ్రీరామనవమి దగ్గర పట్టుకున్నాను. పోయినసారి నవమి ఏప్రిల్‌లో వచ్చింది, నేనే కల్యాణానికి వెళ్లాను. వీడి లెక్కలో ఏప్రిల్ చప్పగా ఉంది, మార్చి ఆఖరి వారం మాత్రం ఆకాశాన్ని అంటుతోంది. అంకెలు ఇష్టమొచ్చినట్టు జరిపాడని నిలదీశాను. జోయెల్ సొరుగులోంచి కొత్త పంచాంగం తీసి నా ముందు పెట్టాడు. వచ్చే ఏడు నవమి మార్చి చివర్లోనే. నవమి రోజుల అమ్మకాన్ని ఏప్రిల్ సగటులో కలిపేస్తే, ప్రతి ఏప్రిలూ పండగలాగే కనిపిస్తుందట. అందుకని ఆ రోజుల్ని విడిగా తీసి పక్కన పెట్టి, మిగతా రోజులతో నెల సగటు కట్టి, వచ్చే ఏడు పండగ ఎక్కడ పడితే అక్కడ మళ్లీ కలిపాడు. చర్చికి వెళ్లే పిల్లగాడు పంచాంగం తీసి చూపిస్తే నేనే దాన్ని లాక్కుని తేదీ సరిచూసుకున్నాను. అయినా అనుమానం తగ్గలేదు, పెరిగింది. ప్రతి దానికీ జవాబు చేతిలో పెట్టుకున్నాడంటే ముందే సిద్ధమై కూర్చున్నాడన్నమాట. ఈ టోకెన్ల లెక్క ఇచ్చింది పగిడయ్య గారే కదా, ఆయన బిల్డింగు కిరాయికి పోవాలి కదా, ఇద్దరూ మాట్లాడుకోలేదని నమ్మకమేమిటి?

ఆ మాట ముఖం మీదే అనేశాను.

జోయెల్‌కు కోపం వచ్చింది. స్క్రీన్ నా వైపు తిప్పి, "ఏ నెల కావాలో నువ్వే చెప్పు అక్కా. నీ ముందటనే విప్పి చూపిస్త" అన్నాడు.

ఆగస్టు చూపించమన్నాను. జూలై కంటే ఆగస్టు ఎక్కువగా ఉండటం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ఆగస్టులో గోదావరి పొంగింది. పేపర్ల నిండా అవే బొమ్మలు. ఆ బిల్డింగులోకి నీళ్లొచ్చాయా అని, కిరాయి మాట ఎత్తినప్పుడే నేను బాలకృష్ణను అడిగాను. మెట్ల దాకా వచ్చి పోయాయి, హోటల్ ఒక్క పూట కూడా ఆగలేదు అన్నాడు. బాలకృష్ణ చెప్పాడు కాబట్టి ఇంకొకరిని అడగలేదు.

జోయెల్ ఆగస్టు తేదీలు పైకి లాగాడు. సగటు నూట తొంభై. సూత్రం కూడా చూపించాడు, తప్పేమీ లేదు. కానీ తేదీల పక్కన అంకెలు వరుసగా వస్తూ వస్తూ ఒకచోట ఆగిపోయాయి. పన్నెండు గడులు ఖాళీ. మళ్లీ కింద అంకెలు మొదలయ్యాయి.

"ఇవేంది, ఖాళీగున్నయ్?"

జోయెల్ మౌస్ వదిలేశాడు. అక్కడ సున్నాలు కొట్టానని గొణిగాడు. సున్నా ఉంటే సగటు కట్టేటప్పుడు కంప్యూటర్ ఆ రోజును లెక్కలోకి తీసుకుంటుందట. ఖాళీగా వదిలేస్తే అసలు ఆ రోజే లేనట్టు దాటేస్తుందట. అంటే హోటల్ తెరిచిన పందొమ్మిది రోజుల సగటు కట్టి, అదే సగటు ముప్పై ఒక్క రోజులకూ అతికించింది. సున్నాలు పెడితే ఆగస్టు రోజు సగటు నూట పదహారు. వరదలో హోటల్ పన్నెండు రోజులు మూతపడిందన్న సంగతి ఆ ఖాళీ గడుల్లో మాయమైంది.

నాకు నిలువునా మంట పుట్టింది. దొరికాడనుకున్నాను. సున్నాలు నువ్వే తీసి నువ్వే ఆశ్చర్యపోతున్నావా అన్నాను. పగిడయ్య దగ్గర ఎంత తిన్నావని అడిగాను. ఈ బజారులో ఇంకెవరూ నీ దగ్గర కాగితం టైపు చేయించుకోకుండా చేస్తానన్నాను. జిరాక్సుకు వచ్చినవాళ్లు ఇద్దరు మా వైపే చూస్తున్నారు. అతని ముఖం ఎర్రబడిపోయింది. నేను ఆపలేదు. బాలకృష్ణ కూడా నన్ను ఆపలేదు. అంత గొడవ జరుగుతుంటే వాడు ఇటు తిరగనే లేదు.

జోయెల్ కంప్యూటర్‌లో ఇంకో ఫైలు తెరిచాడు. అది అతను మొదట కొట్టి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపిన దాని అసలు కాపీ. ఆగస్టుకు వెళ్లాడు. పన్నెండు గడుల్లోనూ సున్నాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"పెన్‌డ్రైవ్ బాలన్న తీస్కపోయిండు అక్కా. బ్యాంకుల చూపించి మళ్ల తెచ్చిచ్చిండు. దాన్నే నేను రిపోర్టుల పెట్టిన. సరిచూస్కోకపోవుడు నాదే తప్పు" అన్నాడు.

నేను తలుపు వైపు తిరిగాను. బాలకృష్ణ ఇప్పుడు నన్నే చూస్తున్నాడు. వాడి ముఖం చూశాక అడగాల్సిన అవసరం లేదు, అయినా అడిగాను.

"సున్నాలు నువ్వే తీసినవా?"

"అవ్ వదినా."

ఎందుకు తీశావని అడిగితే మొదట బ్యాంకు మేనేజరు పేరు చెప్పాడు. తర్వాత అదీ వదిలేశాడు. వరద ప్రతి ఏడూ రాదు, వచ్చిన ఒక్క ఏడాదిని పట్టుకుని ప్రతి ఆగస్టుకూ సున్నాలు కొడితే ఆ లెక్క మాత్రం నిజమా అన్నాడు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. జోయెల్ కూడా కాదనలేదు. నవమిని తీసి పక్కన పెట్టినట్టే వరదనూ పక్కన పెట్టొచ్చు, వరద వచ్చిన ఏడాదికొక లెక్క, రాని ఏడాదికొక లెక్క వేయొచ్చు అన్నాడు. కానీ తీసినప్పుడు తీశామని అందరికీ కనపడేలా రాయాలి అన్నాడు. వరద లెక్క ప్రకారమైతే రెస్టారెంట్ నడుస్తుంది గానీ, చేతిలో ఇంకో ఆధారం లేనివాళ్లు దాని మీదే బతకడం కష్టమని కూడా చెప్పాడు.

"మరి నాకెందుకు చెప్పలే?" అని బాలకృష్ణను అడిగాను. "నీళ్లు మెట్ల దాకనే వచ్చినయన్నవ్ గదా."

"నువ్వు సున్నాలు చూస్తే మిగతాయి చూడవు వదినా. మూడొందల రోజులు మంచిగ పోయినయంటే నీ కంటికి ఆనవు. పన్నెండు రోజులే కనపడతయ్. నువ్వు మెస్ ఇడిచిపెట్టవు. నేను నలభై ఏండ్లొచ్చినా నీ మెస్‌ల గల్లా కాడనే కూసుంట."

వాడు చెప్పింది నా గురించి నిజమే. బియ్యం బస్తా తూకం దగ్గర నుంచి గ్యాసు బండ దాకా నేను అనుమానించని మనిషి పాల్వంచలో లేడు. కూరగాయల వాడిని, పాలవాడిని, ఆఖరికి భీమక్కను కూడా ఏదో ఒక రోజు నిలదీశాను. ఇన్నేళ్లలో ఒక్కడి జేబు మాత్రం తడమలేదు. వాడు గల్లాలోంచి తీసిందెంతో అడగలేదు, పెట్టిందెంతో అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ షాపులో, ఆ ఇద్దరి ముందు ఏడవడం ఇష్టం లేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నన్ను మోసం చేశాడన్న బాధ ఒక ఎత్తు. నేను పరాయి పిల్లగాడిని నోటికొచ్చినట్టు తిడుతుంటే నోరు మెదపకుండా నిలబడ్డాడే, అది ఇంకో ఎత్తు.

జోయెల్‌కు క్షమించమని చెప్పాను. పర్వాలేదక్కా అన్నాడు గానీ నా ముఖం చూడకుండా అన్నాడు. పాల్వంచ మెస్ ఇవ్వనని ఆ ఇంకొకాయనకు ఈరోజే చెప్పేస్తానని బాలకృష్ణతో అన్నాను. భద్రాచలం సంగతి నీ ఇష్టం, పెట్టుకుంటానంటే అడ్డు రాను, కానీ దాని మీద నా సంతకం ఉండదు అన్నాను. వాడు దానికి బాధపడ్డట్టు కనిపించలేదు. ఇంకేదో అడగాలని నిలబడ్డాడు. జిరాక్సు వాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి అడిగాడు.

"ఇంక నన్ను నమ్మవా వదినా?"

నమ్ముతాననే అనాలనుకున్నాను. మాట నాలుక దాకా వచ్చింది. వాడికి జ్వరమొస్తే దవాఖానాలో రాత్రంతా కూర్చున్నదాన్ని నేను, వాడు నా చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఆ ఒక్క మాట అంటే ఇద్దరం కలిసి బస్సెక్కి ఇంటికి పోయేవాళ్లం.

"జోయెలూ, ఆ టోకెన్ల అసలు కాగితాలు బయటికి తియ్" అన్నాను. "అక్టోబరు నుంచి మొదలువెట్టు. మిగతా నెలలు గూడ ఒక్కొక్క రోజు చూస్త."

జోయెల్ ఒకసారి బాలకృష్ణ వైపు చూసి, కాగితాల కట్ట విప్పి, మొదటి తేదీ దగ్గర వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. అక్టోబరు ఒకటి, శనివారం. నేను కుర్చీ ముందుకు లాక్కుని ఆ అంకె స్క్రీన్ మీద ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. తర్వాత ఆదివారం చదవమన్నాను. బాలకృష్ణ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, నేను అటు తిరగలేదు.