ఎర్రదారం ముడులు

బస్టాండు ఊడ్చే పని నాది. గోడకు రెండు కన్నాల పెట్టె బిగించి, "టీయా, కాఫీయా? పీకతో ఓటెయ్యండి" అని రాయించాక నేల మీద సిగరెట్ పీకలు సగానికి సగం తగ్గాయి. పెట్టె నిండగానే సంచికెత్తి, ఎర్రదారంతో ముడేసి, రీసైక్లింగ్ కేంద్రంలో ఇమ్మని వ్యాను నడిపే మా మరిదికి అప్పగించేదాన్ని. ఫిల్టరు దూది కాదు, ప్లాస్టిక్, నీళ్లలో నానితే విషం దిగి చేపలు చస్తాయని వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

ఇవాళ బస్టాండు వెనక వాననీటి కాలువలో పూడిక తీస్తుంటే నా ఎర్రముడులు పదకొండు బయటపడ్డాయి. సంచులన్నీ చిరిగి ఉన్నాయి. వ్యానుతో వచ్చిన మరిదిని నిలదీశాను.

"ఇదేం పనిరా?"

"అంత దూరం ఎవడు పోతాడొదినా? వానొస్తే చెరువులోకి కొట్టుకుపోతాయిలే."

ఒళ్లు మండింది. అంతలో ఒక పెద్దాయన కాఫీకి ఓటేస్తూ, "మీ పుణ్యమా అని చెరువు బాగుపడుతోందమ్మా" అన్నాడు.

ముఖం చెల్లక చీపురందుకున్నాను.